శాలువా తిరగేసి చూడండి: చేతికుట్టా, మిషన్ కుట్టా?

"అన్నా, చలికాలం హన్మకొండకు అమ్మకానికొచ్చే కశ్మీరీ ఉన్ని శాలువా చేతికుట్టా, మిషన్ కుట్టా ఎట్ల తెలుస్తది?" అని ఒక అక్క అడిగింది.

శాలువాను తిరగేసి, మొదట దారాల రంగు చూడండి అక్కా. ఇదిగో, ఈ మెరూన్ శాలువాకు ముందువైపు ఎర్ర పువ్వు, పచ్చ ఆకు, పసుపు మొగ్గ ఉన్నాయి. వెనక చూస్తే మూడింటి కిందా ఒకే తెల్ల దారం. అది బాబిన్ దారం. మామూలు ఎంబ్రాయిడరీ మిషన్‌లో పై దారం, కింది దారం ఒకదానిలో ఒకటి చిక్కుకుంటేనే కుట్టు పడుతుంది. చేతి సూదికి ఉండేది ఒకటే దారం. ముందు ఎరుపైతే వెనకా ఎరుపే.

అయితే బాబిన్‌లో కూడా పై దారం రంగే వేసి కుట్టేవాళ్లున్నారు. అందుకే నేను దారం కొసలనే ఎక్కువ నమ్ముతాను. అంచు మీద ఒకేలా ఉన్న రెండు మామిడిపిందెలు ఎంచుకోండి. రెండింటి వెనకవైపులనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఈ మెరూన్ శాలువాలో ఆకు దగ్గర నుంచి పువ్వు దగ్గరికి దారం దూకిన చోటు రెండు పిందెల్లోనూ ఒక్కటే. కత్తిరించిన కొసలు కూడా అదే చోట, దాదాపు అదే పొడవులో ఉన్నాయి. మిషన్ ప్రతిసారీ అదే దారిలో నడుస్తుంది మరి.

ఇప్పుడు ఈ నీలం శాలువా చూడండి. ఇది సోజ్నీ పని, అంటే సన్న సూదితో చేతికుట్టు. సూదిలో పట్టేది కొద్దిపాటి దారమే. అది ఎక్కడ అయిపోతే అక్కడ ఆపి, కొత్త దారం మొదలుపెట్టాలి. ఒక పిందెలో ఆకు మధ్యలో కొస కనిపిస్తోంది. పక్క పిందెలో ఆ చోట ఏమీ లేదు, కాడ దగ్గర ఉంది. ఈ తేడానే మనం వెతికేది.

కొత్తవాడ జంపఖానాలు రెండువైపులా ఒకేలా చూసిన కళ్లకు, ఇలా వెనక అడ్డంగా సాగిన దారాలు లోపంలా అనిపించవచ్చు. ఇది నేత కాదు, గుడ్డ మీద కుట్టు. అక్కడక్కడా దారాలు సాగడం మామూలే. దోరుఖా అనే రకాన్ని మాత్రం రెండువైపులా శుభ్రంగా కనిపించేలా కుడతారు, దానికి ధర కూడా బాగా ఎక్కువ.

ఆరీ పనిలో జాగ్రత్తగా ఉండాలి. మన మగ్గం వర్క్‌లాగే కొక్కెం సూదితో వేసే గొలుసుకుట్టు అది. గొలుసుకుట్టు మిషన్ కూడా ఒకే దారంతో కుట్టగలదు. కాబట్టి అక్కడ బాబిన్ పరీక్ష పనికిరాదు, వెనక రంగు చూసి తేల్చలేం. రెండు పిందెలను పోల్చడమే కాస్త ఆధారం. మనిషి చేత్తో గుడ్డను తిప్పుతూ నడిపే మిషనైతే ఆ పోలిక కూడా తప్పవచ్చు. అందుకే ఆరీ శాలువాకు, వెనకవైపు ఒక్కటే చూసి చేతికుట్టు ధర ఇవ్వకండి.