ఎనిమిది మంది, మూడు ఊళ్లు, 28 ఛానెల్స్: టైమ్ జోన్లు దాటే టీమ్‌కి కమ్యూనికేషన్ ప్లాన్

[తెర మీద: బరంపురం 4, లండన్ 2, డల్లాస్ 2]

నమస్కారం. బరంపురంలోనో, రాయగడలోనో, పర్లాకిమిడిలోనో కూర్చుని బయటి దేశాల క్లయింట్లకు పని చేస్తున్న మన తెలుగువాళ్ల కోసం ఈ వీడియో. ఉదాహరణకి ఒక టీమ్‌ని తీసుకుందాం. బరంపురంలో లీడ్‌తో కలిపి నలుగురు, లండన్‌లో ఇద్దరు టెస్టర్లు, డల్లాస్‌లో క్లయింట్ తరఫున ఇద్దరు. అందరూ కలిసి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు.

ఈ ఎనిమిది మందిలో ఎవరు ఎవరితోనైనా మాట్లాడాల్సి రావచ్చు. అలాంటి జతలు ఎన్ని ఉంటాయో చెప్పేదే కమ్యూనికేషన్ ఛానెల్స్ ఫార్ములా.

[తెర మీద]

```
n × (n − 1) / 2
8 × 7 / 2 = 28
```

ఇక్కడ n అంటే టీమ్‌లో ఉన్న మొత్తం మనుషులు. ఒక్కొక్కరూ మిగతా ఏడుగురితో మాట్లాడితే 56. మీరు నాతో మాట్లాడినా, నేను మీతో మాట్లాడినా దారి ఒకటే కాబట్టి సగం చేస్తే 28. పీఎంపీ లాంటి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షలకు చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. "మేనేజర్ కింద ఏడుగురు ఉన్నారు" అని ప్రశ్నలో ఉంటే n విలువ 8, ఎందుకంటే మేనేజర్‌ని కూడా లెక్కలో వేసుకోవాలి. "ఇంకో ఇద్దరు చేరితే ఎన్ని ఛానెల్స్ పెరుగుతాయి" అని అడిగితే పది మందికి వచ్చే 45 రాసి వచ్చేయకండి. 45లోంచి 28 తీసేయాలి, జవాబు 17.

పుస్తకాల్లో లెక్క చాలావరకు ఇక్కడితో ఆగుతుంది. మన పనికి అసలు కావాల్సింది దీని తర్వాతే ఉంది. ఆ 28ని ఊళ్ల వారీగా విడగొట్టి చూద్దాం.

[తెర మీద: ఊరి లోపల 6 + 1 + 1 = 8. ఊళ్ల మధ్య 8 + 8 + 4 = 20]

బరంపురంలో నలుగురి మధ్య 6, లండన్ ఇద్దరి మధ్య 1, డల్లాస్ ఇద్దరి మధ్య 1. మొత్తం 8 ఛానెల్స్ ఒకే ఊళ్లో ఉన్నాయి. కుర్చీ వెనక్కి తిప్పి అడిగితే సరిపోతుంది. మిగిలిన 20 ఊళ్లు దాటేవి. బరంపురం, లండన్ మధ్య 8, బరంపురం, డల్లాస్ మధ్య 8, లండన్, డల్లాస్ మధ్య 4. ఫార్ములా దృష్టిలో 28 ఛానెల్సూ సమానమే. గడియారం దృష్టిలో కాదు.

ఎందుకు కాదో చూద్దాం. బరంపురం ఆఫీసు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు అనుకోండి. లండన్‌లో 9 గంటలకు పని మొదలైతే వాళ్ల వేసవిలో మనకు మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. అంటే రోజూ నాలుగైదు గంటలు రెండు ఆఫీసులూ తెరిచే ఉంటాయి, ఇబ్బంది లేదు. డల్లాస్‌లో 9 గంటలు అయ్యేసరికి వాళ్ల వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. కలిసే సమయం సున్నా.

ఇప్పుడు ఒక ప్రశ్న ప్రయాణం చూడండి. శుక్రవారం ఉదయం 10 గంటలకు బరంపురం నుంచి డల్లాస్‌కి ఒక మెసేజ్ వెళ్లింది. "ఇన్‌వాయిస్ మొత్తం తేడా వస్తోంది, ఒకసారి చూడండి." అక్కడ అప్పటికి గురువారం రాత్రి 11:30. వాళ్లు ఆఫీసుకొచ్చి చూసేసరికి మనకు శుక్రవారం రాత్రి 7:30, మనవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు "ఏ ఇన్‌వాయిస్?" అని అడిగారు. అది మన కంట పడేది సోమవారం ఉదయం. నంబర్ పంపించాం. వాళ్లు దాన్ని వాళ్ల సోమవారం ఉదయం, అంటే మన సోమవారం రాత్రి చూశారు. అసలు జవాబు మనం చదివేది మంగళవారం ఉదయం. పక్క కుర్చీలో మనిషి ఉంటే ఐదు నిమిషాల్లో తేలే విషయానికి శుక్రవారం నుంచి మంగళవారం దాకా పట్టింది. ఎవరూ ఆలస్యం చేయలేదు, ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. ఆ ఛానెల్‌లో ఒక రాకపోకకు ఒక రోజు పడుతుంది, అంతే.

కాబట్టి ప్లాన్‌లో రెండు పనులు చేయాలి. ఊళ్లు దాటే ఛానెల్స్ తగ్గించాలి. మిగిలినవాటిలో ప్రతి విషయం ఒక్క రాకపోకలో తేలేలా చూడాలి.

తగ్గించడం ఎలా? "అందరినీ ఒకే వాట్సాప్ గ్రూప్‌లో వేస్తే ఛానెల్ ఒకటే కదా" అని చాలామంది అనుకుంటారు. కాదు. గ్రూప్‌లో ఎనిమిది మందీ అన్నీ చదవాలి, పైగా జవాబు ఎవరివ్వాలో తెలియదు. రెండు రోజులు ఎవరూ ఇవ్వరు, మూడో రోజు ఇద్దరు రెండు వేర్వేరు జవాబులు ఇస్తారు. దానికి బదులు ఒక్కో ఊరికి ఒక్క మనిషిని పెట్టండి. నిర్ణయాలు అడగడం, చెప్పడం ఆ ముగ్గురి మధ్యే జరగాలి. అప్పుడు ఊళ్ల మధ్య 20 ఛానెల్స్ కాస్తా 3 అవుతాయి. ఊరి లోపలి 8 కలిపితే మొత్తం 11.

దీనికీ ఒక హద్దుంది. ఆ మనిషి సెలవు పెడితే దారి మూసుకుపోతుంది. అందుకే ప్రతి ఊరికీ రెండో పేరు కూడా ప్లాన్‌లో ఉండాలి. ఇంకొకటి, ఆ మనిషి చెవిన పడింది అక్కడే ఆగిపోకూడదు. తీసుకున్న నిర్ణయం అదే రోజు అందరూ చూసే చోట, టికెట్‌లోనో, ఉమ్మడి డాక్యుమెంట్‌లోనో రాయాలి. అది రాయడం లేదనడానికి గుర్తు ఏంటంటే, తేలిపోయిన ప్రశ్ననే ఇంకొకరు మళ్లీ అడుగుతుంటారు.

ఇక ఒక్క రాకపోకలో తేల్చడం. నా దృష్టిలో ప్లాన్ మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, కాబట్టి పూర్తిగా చూద్దాం. అదే ఇన్‌వాయిస్ ప్రశ్నని ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

[తెర మీద: మెసేజ్]

"ఇన్‌వాయిస్ 1042లో మన మొత్తం, పాత సిస్టమ్ మొత్తం కంటే 2 సెంట్లు ఎక్కువ వస్తోంది. మనం ట్యాక్స్‌ని ప్రతి లైన్‌కీ రౌండ్ చేస్తున్నాం, పాతది చివరి మొత్తానికి ఒకేసారి చేస్తోంది. స్క్రీన్‌షాట్లు రెండూ జత చేశాం. మీకు ఏ పద్ధతి కావాలి: 1. లైన్ లైన్‌కీ, 2. చివర్లో ఒకేసారి? పాతదానితో సరిపోతుంది కాబట్టి మేం 2 మంచిదనుకుంటున్నాం. బుధవారం 14వ తేదీ బరంపురం టైమ్ ఉదయం 10 లోగా జవాబు రాకపోతే టెస్ట్ సర్వర్‌లో 2తో ముందుకెళ్తాం."

ఇందులో ఏం జరిగిందో, కారణం ఏంటో, ఎంచుకోవడానికి ఏమున్నాయో అన్నీ ఉన్నాయి. అవతలివాళ్లు ఒక్క అంకె కొడితే చాలు. అది కూడా కొట్టకపోతే పని ఆగదు. ఆ చివరి వాక్యం మాత్రం జాగ్రత్తగా వాడాలి. వెనక్కి తీసుకోగలిగిన పనులకే "జవాబు రాకపోతే ముందుకెళ్తాం" అని రాయండి. డేటా తుడిచేయడం, కస్టమర్‌కి బిల్లు పంపడం, కాంట్రాక్ట్ మారడం లాంటివాటికి జవాబు వచ్చేదాకా ఆగాల్సిందే. ఏవి ఏ కోవలోకి వస్తాయో ముందే మూడు ఊళ్లవాళ్లూ ఒప్పుకుని ప్లాన్‌లో రాసుకోవాలి.

తేదీ, ఊరు రెండూ రాసింది గమనించారా? "రేపు పొద్దున" అంటే ఎవరి రేపు? జోన్‌కి మూడక్షరాల పొట్టి పేరు వాడినా గందరగోళమే. CST అంటే డల్లాస్ చలికాలపు టైమూ అవుతుంది, చైనా టైమూ అవుతుంది. ఊరి పేరు రాస్తే ఆ టెన్షన్ ఉండదు.

అన్నీ రాతలో తేలవు. డిజైన్ మీద అభిప్రాయాలు తేడాగా ఉన్నప్పుడు, మనసులు కాస్త నొచ్చుకున్నప్పుడు మాట్లాడుకోవాలి. దానికి వారానికి రెండు మీటింగులు, అరగంట చొప్పున చాలు. ఏ టైమ్? డల్లాస్ వాళ్లు ఒక గంట ముందుగా 8కి కూర్చుంటే వాళ్ల వేసవిలో మనకు సాయంత్రం 6:30, లండన్‌లో మధ్యాహ్నం 2. ముగ్గురికీ ఓర్చుకోగలిగిన టైమ్ ఇదే.

ఇక్కడే గడియారం మార్పు దెబ్బ కొడుతుంది. మన దేశంలో గడియారం మార్చడం అనేది లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గంట ముందుకు జరుపుతారు. 2026లో అవి మార్చి 8, మార్చి 29. మీటింగ్‌ని డల్లాస్ 8 గంటలకు కట్టేశామనుకోండి.

[తెర మీద: 2026 పట్టిక]

మార్చి 8కి ముందు: బరంపురం 7:30, లండన్ 2:00.
మార్చి 8 నుంచి 28 వరకు: బరంపురం 6:30, లండన్ 1:00.
మార్చి 29 తర్వాత: బరంపురం 6:30, లండన్ 2:00.

మధ్యలోని ఆ మూడు వారాలూ లండన్ వాళ్లు గంట ఆలస్యంగా వచ్చే ప్రమాదం ఉంది. అక్టోబర్ 25 నుంచి 31 వరకు మళ్లీ ఇదే పరిస్థితి. నవంబర్ 1 నుంచి మన మీటింగ్ రాత్రి 7:30కి జరుగుతుంది. ఛత్రపురం, గోపాల్‌పూర్ నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లకి అది భారమే. చలికాలంలో డల్లాస్ వాళ్లు 7కి వస్తే మనకు మళ్లీ 6:30 అవుతుంది. నెలకొకరు చొప్పున ఆ ఇబ్బంది పంచుకోమని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. క్యాలెండర్‌లో ఇన్విటేషన్ పెట్టేటప్పుడు జోన్‌ని `America/Chicago` అని ఎంచుకోండి. డల్లాస్ ఆ జోన్‌లోకే వస్తుంది, మిగతా ఊళ్ల టైమ్ క్యాలెండరే మార్చుకుంటుంది.

సెలవుల వరుస కూడా ప్లాన్‌లో ఉండాలి. జూన్ మధ్యలో మనకు రజ పండుగ అని లండన్ వాళ్లకు మనం చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? నవంబర్ నాలుగో గురువారం డల్లాస్‌లో థాంక్స్‌గివింగ్, ఆ ముందురోజు పంపిన ప్రశ్నకు సోమవారం దాకా జవాబు రాకపోవచ్చు. మన వైపు ఇంకో వరుస తప్పనిసరి. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. నెట్, కరెంటు రెండూ పోతే ముందుగా ఎవరు, ఎవరికి, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, మన పని లండన్‌లో ఎవరు అందుకోవాలి అన్నది సెప్టెంబర్‌లోనే రాసి, ఆ కాగితం ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోవాలి.

చివరగా, క్లయింట్ ఇంకో ఇద్దరిని తీసుకుందామన్నాడు అనుకోండి. ఆ ఇద్దరినీ బరంపురంలోనే పెడితే ఊరి లోపల 15 + 1 + 1, ఊళ్ల మధ్య 3, మొత్తం 20. సింగపూర్‌లో కొత్తగా పెడితే ఊరి లోపల 6 + 1 + 1 + 1, నాలుగు ఊళ్ల ప్రతినిధుల మధ్య 6, మొత్తం 15. అంకె చూస్తే సింగపూరే తేలిక అనిపిస్తుంది. కానీ డల్లాస్‌లో ఉదయం 8 అయినప్పుడు సింగపూర్‌లో వేసవిలో రాత్రి 9, చలికాలంలో 10. ఆ ఇద్దరికి ప్రతి వారం రెండు రాత్రులు పోతాయి, లేదంటే వాళ్లు మీటింగ్‌కి రాకుండా రాతలతోనే నడవాలి. ఇద్దరినీ ఎక్కడ పెట్టాలో తేల్చేముందు ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద వేసి క్లయింట్‌కి పంపండి.