దేవరకొండ నుంచి మంచుకొండల్లోకి ఒక ఉత్తరం

శ్రోతలకు నమస్కారం. దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుంచి, లడఖ్‌లో కాపలా కాస్తున్న జవానుకు అతని తల్లి కూతురిచేత రాయించిన ఉత్తరాన్ని ఆ కుటుంబం అనుమతితో ఈమధ్య చదివాను. కవరు మీద కొడుకు నంబరు, హోదా, పేరు, యూనిట్, వాటి కింద సైనిక తపాలా కార్యాలయాన్ని సూచించే ‘56 ఏపీఓ’ అని మాత్రమే ఉన్నాయి. సైనికుడు ఉన్న చోటు చిరునామాలో బయటపడకూడదు కనుక ఊరి పేరు రాయరు. ఆ యూనిట్ ఎక్కడుందో సైనిక తపాలా విభాగమే చూసుకుని చేరవేస్తుంది. ‘ఊరి పేరన్న చెప్పరాదా బిడ్డా’ అని ఆ తల్లి మొదటి వరుసలోనే అడిగింది.

పత్తి ఏరుడు అయిపోవచ్చిందని, కంది కోతకొచ్చిందని తరువాత రాసింది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న జోజీలా కనుమ చలికాలంలో మంచుతో మూసుకుపోతుంది. అప్పుడు ఉత్తరాలు విమానంలో లేహ్ చేరాలి, అక్కడి నుంచి పైస్థావరాలకు వాతావరణం అనుకూలిస్తేనే కదలాలి. ఆ కబురు కొడుకు చేతికి అందేనాటికి కందులు అమ్ముడైపోయాయి.

ఆమె చెప్పిన జాగ్రత్తల గురించి కొంత వివరంగా చెప్పాలి. ‘చేతులు కొంకర్లు పోతే మంట కాడ కాపుకో, నూనె రాసి గట్టిగ రుద్దుకో’ అన్నది. మన పుష్యమాసపు చలికి అది సరైన మాటే. సున్నాకు ఎంతో దిగువన ఉండే చలిలో మాత్రం వేలు మొదట నొప్పి పెట్టి, పిదప మొద్దుబారి, మైనంలా పాలిపోతుంది. నొప్పి తగ్గితే నయమైందని మనం అనుకుంటాం. అక్కడ నొప్పి తెలియకపోవడమే ప్రమాద సూచన. గడ్డకట్టిన కండను రుద్దితే లోపల దెబ్బతింటుంది, స్పర్శ లేని వేలు మంట దగ్గర కాలినా తెలియదు. దానిని గోరువెచ్చని నీటిలో ముంచి మెల్లగా వేడెక్కించాలి, అదీ మళ్లీ గడ్డకట్టే అవకాశం లేదనుకున్నప్పుడే. తలుపులన్నీ బిగించుకుని పడుకోమన్న మాట కూడా అక్కడ చెల్లదు. గదిని వెచ్చబరిచే బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి వెలిగే చోట గాలి ఆడకపోతే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అయితే ‘తడి మేజోళ్లతోటి పండుకోకు’ అన్న ఆమె మాటకు తిరుగులేదు. ఎక్కేటప్పుడు పట్టిన చెమటే ఆగినచోట పాదాలను గడ్డకట్టిస్తుంది. మంచు ఎన్నడూ చూడని మనిషికి ఇది ఎలా తట్టిందా అని నేను ఆశ్చర్యపోయాను; నాట్లప్పుడు రోజంతా బురదలో నానిన కాళ్ల బాధ ఆమెకు తెలిసినదే కదా.

కొడుకు జవాబులో తల్లి మాటలు వేటినీ దిద్దలేదు. మేజోళ్లు రోజూ మారుస్తున్నానని ఒక్క వాక్యం రాసి, కందులు క్వింటాలు ఎంతకు పోయాయని మాత్రం రెండుసార్లు అడిగాడు.