సభ్యత్వం గుర్తుచేసే ఉత్తరం: గడువు చీటీ నుంచి నేర్చుకోవలసింది

[కెమెరా ముందు బల్ల. దాని మీద ఒక గ్రంథాలయ పుస్తకం, రెండు ఉత్తరాలు.]

నమస్కారం. మా పేటలోని చిన్న గ్రంథాలయంలో వారానికి రెండు సాయంత్రాలు నేను బల్ల దగ్గర కూర్చుంటాను. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి, మేము పంపిన ఉత్తరాన్ని మడత విప్పి నా ముందు పెట్టారు. అందులో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. "ఎన్నిసార్లు చెప్పారమ్మా నాకు? ఒక్కసారి చెప్పినా వచ్చేవాణ్ణి కదా!" అన్నారు. గీత గీసిన వాక్యం ఇది: "గతంలో పలుమార్లు విజ్ఞప్తి చేసియున్నాము." రికార్డు తీసి చూశాను. ఆయనకు అదే మొదటి ఉత్తరం. అందరికీ ఒకే కాగితం అచ్చు వేయించి పంపాం. ఆయన ఆ రోజే రుసుము కట్టి వెళ్లారు, కానీ ఆ ముఖంలోని నొప్పి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ వీడియో చేయడానికి కారణం అదే. సభ్యత్వం గుర్తుచేసే ఉత్తరం గురించి ఎవరిని అడిగినా రెండు సలహాలే వస్తాయి. కాస్త గట్టిగా రాయండి, లేకపోతే కట్టరు అని ఒకరు. రెండు "దయచేసి"లు చేర్చండి, మెత్తగా ఉంటుంది అని మరొకరు. రెండూ తప్పే. చదివేవారికి నస అనిపించేది మర్యాద తక్కువైనందుకు కాదు. "మీరు ఏదో చేయలేదు" అని ఉత్తరం ముందే తేల్చేసినందుకు.

[పాత ఉత్తరం తెరపై]

మా పాత ఉత్తరం మొత్తం చదువుతాను.

"ప్రియమైన సభ్యులకు, మీ సభ్యత్వ గడువు త్వరలో ముగియనున్నదని తెలియజేయడమైనది. గతంలో పలుమార్లు విజ్ఞప్తి చేసియున్నాము. పునరుద్ధరించుకోని పక్షంలో పుస్తకాలు ఇవ్వబడవు. గ్రంథాలయ మనుగడ మీ సహకారంపై ఆధారపడియున్నది. దయచేసి ఆలస్యం చేయక రుసుము చెల్లించగలరు."

దీనిలో తేదీ ఎక్కడుంది? లేదు. "త్వరలో" అని ఉంది. త్వరలో అంటే రేపా, వచ్చే నెలా? తెలుసుకోవాలంటే సభ్యులే కార్డు వెతుక్కోవాలి. ఉత్తరం చేయవలసిన ఒకే ఒక్క పనిని వారి మీదే వేశాం. ఇక "ఆలస్యం చేయక" అన్న మాట. గడువు ఇంకా తీరనే లేదు, అప్పుడే ఆలస్యం ఏమిటి?

[పుస్తకం చేతిలోకి తీసుకుని చివరి అట్ట లోపలి వైపు చూపిస్తూ]

ఇప్పుడు దీన్ని చూడండి. పుస్తకం వెనుక అంటించిన గడువు చీటీ. ఒక దాని కింద ఒకటి తేదీ ముద్రలు, కొన్ని వంకరగా, కొన్ని సిరా చాలక సగమే పడ్డవి. ఇన్నేళ్లలో ఈ చీటీ మీద కోప్పడిన సభ్యుణ్ణి నేను చూడలేదు. ఇదీ గుర్తుచేసేదే, ఇదీ గడువు చెప్పేదే. మరి ఇది ఎందుకు నస కాలేదు? తేదీ మాత్రమే చెబుతుంది కాబట్టి. ఆ తేదీ కచ్చితంగా మీదే కాబట్టి. ముందే చెబుతుంది కాబట్టి. ఎందుకు ఇవ్వలేదని ఎప్పుడూ అడగదు కాబట్టి. మంచి ఉత్తరం ఈ చీటీలాగే ఉండాలి. ఇక నేను ఏది చెప్పినా దీని దగ్గరికే వస్తాను.

మేము తిరగరాసిన ఉత్తరం ఇది.

[కొత్త ఉత్తరం తెరపై. నెమ్మదిగా చదవాలి.]

"నమస్కారం (పేరు) గారూ,
మీ సభ్యత్వం మార్చి 31తో ముగుస్తుంది.
ఈ ఏడాది మీరు 23 పుస్తకాలు తీసుకెళ్లారు. మీరు అడిగిన పుస్తకానికి వరుసలో మీది రెండో స్థానం. సభ్యత్వం కొనసాగితే ఆ వరుస అలాగే ఉంటుంది.
కొనసాగించాలనుకుంటే వెనుక ఉన్న చీటీపై సంతకం చేసి, ఈసారి పుస్తకాలు తిరిగి ఇచ్చేటప్పుడు రుసుముతోపాటు ఇవ్వండి. ఇవాళ కట్టినా, 31న కట్టినా మీ కొత్త ఏడాది ఏప్రిల్ 1నే మొదలవుతుంది.
వద్దనుకుంటే చీటీలో రెండో గడిలో టిక్కు పెట్టండి. మళ్లీ రాయము."

కింద గ్రంథపాలకురాలి పేరు, సిరాతో సంతకం. అంతే.

ఇందులో నాకు బాగా నచ్చిన వాక్యం "కొత్త ఏడాది ఏప్రిల్ 1నే మొదలవుతుంది" అన్నది. మార్చి మొదట్లో ఉత్తరం అందిన మనిషి ఏమనుకుంటారు? ఇప్పుడే కడితే మిగిలిన మూడు నాలుగు వారాలు పోతాయి, చివర్లో చూద్దాం అనుకుంటారు. అది సోమరితనం కాదు, సరైన లెక్కే. చివర్లో చూద్దాం అన్నది ఏమవుతుందో మనందరికీ తెలుసు. రుసుము కట్టిన రోజు నుంచే కొత్త ఏడాది లెక్కపెట్టే పద్ధతి మీ గ్రంథాలయంలో ఉంటే, ఉత్తరం కంటే ముందు ఆ పద్ధతి మార్చండి. త్వరగా కట్టిన వారికి నష్టం కలిగించే నియమాన్ని ఏ ఉత్తరమూ కప్పిపుచ్చలేదు.

తర్వాత ఉత్తరం వెనుక ఉన్న చీటీ. అందులో పేరు, సభ్యత్వ సంఖ్య, చిరునామా అన్నీ మేమే నింపి పంపుతాం. తప్పుంటే సభ్యులు కొట్టేసి దిద్దుతారు, లేకపోతే సంతకం ఒక్కటే. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన గ్రంథాలయ శాస్త్ర సూత్రాలు ఐదింటిలో నాలుగోది పాఠకుల సమయం ఆదా చేయమంటుంది. మన దగ్గరే ఉన్న వివరాలను మళ్లీ వారి చేత రాయించడం ఆ సూత్రానికి సరిగ్గా ఎదురు.

"వద్దు" అనే గడి పెట్టినప్పుడు మా సంఘంలో గొడవే అయింది. మనమే వెళ్లిపొమ్మంటున్నామా అన్నారు. కాదు. ఊరు మారినవారు, చూపు తగ్గినవారు ఎలాగూ కొనసాగించరు. గడి లేకపోతే వారు మౌనంగా ఉంటారు, మనం రాస్తూనే ఉంటాం. నస అంటే అదే కదా! పైగా వద్దనడానికి దారి ఉందని తెలిసినప్పుడు కొనసాగించడం ఒత్తిడి మీద చేసిన పనిలా ఉండదు.

ఇక 23 పుస్తకాల వాక్యం. దీనిలో బలం ఉంది, ప్రమాదమూ ఉంది. తాను వాడుకున్నది సంఖ్యగా కనబడితే రుసుము దేనికో విడిగా చెప్పనక్కరలేదు. కానీ కంప్యూటర్‌లో పేర్లు, సంఖ్యలు వాటంతట అవే పడేలా ఉత్తరం తయారుచేస్తే, ఏడాదంతా రాని వారికి "ఈ ఏడాది మీరు 0 పుస్తకాలు తీసుకెళ్లారు" అని అచ్చవుతుంది. ఎత్తిపొడుపు ఇంతకంటే వేరే ఉండదు. అందుకే ఐదు పుస్తకాల కంటే తక్కువ తీసుకున్న వారి జాబితా వేరు చేసి, ఆ వాక్యం తీసేసి, మారిన పనివేళల గురించో, కొత్తగా వచ్చిన పుస్తకాల విభాగం గురించో ఒక ముక్క రాస్తాం. ఇంకొక మాట: సంఖ్య చెప్పండి, పుస్తకాల పేర్లు రాయకండి. ఎవరు ఏం చదివారన్నది వారి సొంత విషయం. ఇంట్లో ఆ కవరు ఎవరు విప్పుతారో మనకు తెలియదు. సంఖ్యను కూడా అంటించిన కవరులోనే పంపాలి, పోస్టుకార్డు మీద కాదు.

తిరిగి ఇవ్వని పుస్తకాల సంగతిని ఈ ఉత్తరంలో కలపకండి. రెండూ ఒకే కవరులో పెడితే తపాలా ఖర్చు మిగులుతుందని మేమూ కలిపేవాళ్లం. పుస్తకం దగ్గర పెట్టుకున్న మనిషి ఇప్పటికే బల్ల ముందుకు రావడానికి సిగ్గుపడుతున్నారు. జరిమానా అన్న మాట చూస్తే సభ్యత్వం సంగతి కూడా పక్కన పెట్టేస్తారు. గడువు చీటీని గుర్తుచేసుకోండి. దాని మీద తేదీ ఉంటుంది, జరిమానా లెక్క ఉండదు.

[గడియారం వైపు చూస్తూ]

సమయం అయిపోవస్తోంది, మిగతావి వేగంగా చెబుతాను.

ఎన్నిసార్లు పంపాలి? మేము మూడుసార్లు పంపుతాం. ఇప్పుడు చూపించిన ఉత్తరం గడువుకు నాలుగు వారాల ముందు వెళ్తుంది. వారం ముందు తేదీ, రుసుము మాత్రమే ఉన్న రెండు వాక్యాల చీటీ. గడువు దాటిన రెండు వారాలకు మూడోది, "మీ సభ్యత్వం మార్చి 31తో ముగిసింది. ఏప్రిల్ 30లోగా కొనసాగిస్తే పాత సంఖ్యే ఉంటుంది" అని. ఆ తర్వాత ఆపేయాలి. ప్రతిసారీ కొత్త సంగతి ఒకటి ఉండాలి. మొదటి ఉత్తరాన్నే మళ్లీ పంపి పైన "రెండవ విజ్ఞాపన" అని ముద్ర కొట్టకండి.

కట్టేసిన వారికి గుర్తుచేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. "ఈలోగా చెల్లించి ఉంటే పట్టించుకోకండి" అని కింద ఒక వాక్యం వేసి చేతులు దులుపుకోకూడదు. కవర్లు తపాలాలో వేసే రోజు ఉదయం రసీదు పుస్తకం పక్కన పెట్టుకుని జాబితాలో పేర్లు కొట్టేయాలి. మరణించిన సభ్యుల పేర్లు కూడా అప్పుడే చూడాలి. ఆ ఇంటికి ఇలాంటి ఉత్తరం వెళ్లడం క్షమించరాని విషయం.

ఫలితం ఎలా తెలుస్తుంది? సభ్యత్వ సంఖ్య సరిసంఖ్య అయితే కొత్త ఉత్తరం, బేసి అయితే పాతది, రెండూ ఒకే రోజు. గడువు దాటిన 30 రోజులకు రెండు వైపులా లెక్కపెట్టండి. ఒక్కో వైపు 60 మంది ఉండి, ఒకవైపు 31, మరోవైపు 38 మంది కొనసాగించారనుకుందాం. గెలిచామని అప్పుడే అనుకోకండి. ఏడుగురి తేడా ఊరికే కూడా రావచ్చు. కొన్ని నెలల జాబితాలు కూడిన తర్వాతే నిర్ణయించండి. "వద్దు" గడిలో టిక్కులు ఎన్ని వచ్చాయో కూడా రాసిపెట్టుకోండి. వారికి తర్వాతి ఉత్తరాలు వెళ్లవు, ఆ కవర్లన్నీ మిగిలినట్టే.

చివరిగా, తరచుగా వచ్చే సభ్యులకు అసలు తపాలా అక్కరలేదు. మార్చి మొదట్లో పుస్తకం ఇచ్చేటప్పుడే ఆ ఉత్తరాన్ని మడిచి, వెనుక అట్ట లోపల, గడువు చీటీ పక్కనే పెట్టి ఇస్తాను. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు చాలాసార్లు సంతకం చేసిన చీటీ అక్కడే ఉంటుంది.