భీమవరం బోర్డు చదవలేని కుర్రాడు | ఒక కథ మీద నా రివ్యూ

నమస్తే అండీ. ఈ రోజు పుస్తకం కాదు, ఒకే ఒక్క కథ. ఇంకా అచ్చు కాలేదు. మా కథల గ్రూపులో ఒక మిత్రుడు రాసి, 11 పేజీలు ప్రింటు తీసి నా చేతిలో పెట్టాడు. వీడియోలో మాట్లాడొచ్చా అంటే సరే అన్నాడు, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. నేను ఆరేళ్ళు కళ్ళజోళ్ళ షాపులో పని చేశానని అతనికి తెలుసు, అందుకే ముందు నాకే ఇచ్చాడనుకుంటా.

కథ తణుకులో జరుగుతుంది. 22 ఏళ్ళ కుర్రాడు, డిగ్రీ అయిపోయింది, ఎరువుల షాపులో కౌంటరు దగ్గర బిల్లులు రాస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. రోజూ సాయంత్రం అత్తిలి వెళ్ళడానికి భీమవరం బస్సు ఎక్కాలి. బస్సు దగ్గరికొచ్చే దాకా దాని బోర్డు అతనికి కనిపించదు, పక్కవాళ్ళని అడగడానికి నోరు రాదు. అందుకని తన ఊరివాళ్ళు ఎవరైనా కదిలితే వాళ్ళ వెనకే వెళ్ళి ఎక్కేస్తాడు. ఒక రోజు అలా తెలిసిన చొక్కా అనుకుని ఎవరి వెనకో వెళ్ళి పాలకొల్లు బస్సెక్కాడు. కండక్టరు టికెట్ అడిగినప్పుడు తప్పెక్కానని చెప్పడానికి కూడా సిగ్గేసి, డబ్బులిచ్చి పాలకొల్లు దాకా వెళ్ళొచ్చాడు. చదువుతుంటే నాకు గుండె పిండేసినట్టయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కథలో అతని సైటు మైనస్ 2.75. అంటే ఎంతో తెలియాలంటే 100ని 2.75తో భాగించండి, సుమారు 36 వస్తుంది. కళ్ళజోడు లేకుండా అతనికి 36 సెంటీమీటర్ల దాకానే స్పష్టంగా కనిపిస్తుందన్నమాట, దాని తర్వాత అంతా మసక. కౌంటరు అవతల నిలబడ్డ మనిషి నవ్వాడా చిరాకు పడ్డాడా అన్నది అతనికి సరిగ్గా తెలియదు. రోడ్డుకి అవతల నుంచి ఎవరైనా చెయ్యూపితే తనకో, వెనకున్నవాళ్ళకో తెలియదు. అందుకని ఎవరివైపూ చూడడం మానేశాడు. ఊళ్ళోవాళ్ళేమో, పలకరిస్తే పలకడు, పొగరు అనుకున్నారు. ఇలాంటి పిల్లల్ని నేను షాపులో చాలామందిని చూశాను. అందరి బిడియానికీ సైటే కారణమని అనడం లేదు. కానీ మనుషుల ముఖాలు కనిపించకపోతే మాట కలపడం ఎంత కష్టమో కళ్ళు బాగున్నవాళ్ళకి చెబితే అర్థం కాదు.

కథలో నాకు బాగా నచ్చినది అద్దం సంగతి. వాళ్ళింట్లో స్తంభానికి తగిలించిన అరచేతి వెడల్పు అద్దం ఒక్కటే ఉంటుంది. దానికి ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి చూసుకుంటాడు. ఎందుకంటే అద్దంలో మన బొమ్మ అద్దం మీద ఉండదు, మనం అద్దానికి ఎంత దూరంలో ఉంటే అంత దూరం దాని వెనక ఉంటుంది. మీటరు దూరంలో నిలబడితే మనల్ని మనం రెండు మీటర్ల దూరం నుంచి చూసుకుంటున్నట్టే. కాబట్టి తన ముఖం తనకి స్పష్టంగా కనిపించాలంటే ఈ కుర్రాడు అద్దానికి 18 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. అంత దగ్గర నుంచి చూస్తే ఎవరి ముక్కయినా పెద్దదిగానే కనిపిస్తుంది! 2018లో అమెరికా డాక్టర్లు సెల్ఫీల మీద ఈ లెక్కే వేశారు. 30 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫొటోలో మగవాళ్ళ ముక్కు, ఒకటిన్నర మీటర్ల నుంచి తీసిన ఫొటోలో కంటే 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. మన కుర్రాడు చూసుకునేది సుమారు ఆ దూరం నుంచే. 'నాది బండ ముక్కు' అని కథలో అతను మూడు సార్లు అనుకుంటాడు. పాపం, అతనికి కనిపించింది అదే మరి. దూరం నుంచి తన ముఖాన్ని స్పష్టంగా ఎప్పుడూ చూసుకోలేదు. ఈ లెక్కంతా తెలిసి రాశావా అని రచయితని అడిగితే తెలియదన్నాడు, వాళ్ళ తమ్ముడు అలా చూసుకునేవాడట, అది గుర్తుండి రాశాడట.

ఇక కళ్ళ పరీక్ష. ఈ సీను రెండున్నర పేజీలు ఉంది, ఒక్క లైను కూడా తగ్గించొద్దని చెప్పాను. ముక్కు మీద బరువైన ట్రయల్ ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ 'ఇది బాగుందా? ఇప్పుడు? ముందుదా, ఇదా?' అని అడుగుతుంటారు కదా. బిడియం ఉన్నవాళ్ళకి అది పరీక్ష హాలే. తప్పు చెబితే ఏమనుకుంటారో అని భయం. ఈ కుర్రాడు ప్రతిదానికీ 'బాగుందండి' అంటాడు. పరీక్ష చేసే ఆయన ఇంకొంచెం మైనస్ పెంచుతాడు, మళ్ళీ 'బాగుందండి'. వయసులో ఉన్నవాళ్ళ కన్ను కొంచెం ఎక్కువ మైనస్ ఇచ్చినా సర్దుకుంటుంది, అక్షరాలు ఇంకా నల్లగా, చిన్నగా, చక్కగా ఉన్నట్టు అనిపిస్తాయి. అలా 2.75 ఇవ్వాల్సిన చోట 3.25తో కళ్ళజోడు చేతికొచ్చింది.

రెండు రోజులు గడిచేసరికి బిల్లులు రాస్తుంటే తలనొప్పి, కళ్ళు లాగడం. దూరం బాగానే కనిపిస్తోంది, దగ్గరి పని చేస్తేనే నొప్పి. ఎక్కువ మైనస్ ఇచ్చారేమో అని అనుమానించాల్సింది ఇక్కడే, మీలో ఎవరికైనా కొత్త కళ్ళజోడుతో ఇలా అవుతుంటే గుర్తుపెట్టుకోండి. కథలో వాళ్ళమ్మ 'అలవాటవుతుందిలే నాన్నా' అంటుంది. కొత్త కళ్ళజోడుకి కొన్ని రోజులు అలవాటు పడాలన్నది నిజమే, మెట్లు దిగేటప్పుడు కాలు ఎక్కడ వెయ్యాలో తేడాగా అనిపించడం మామూలే, తనంతట తనే సర్దుకుంటుంది. కానీ రాయడానికి కూర్చుంటే రోజూ నొప్పి వస్తోందంటే వెనక్కి వెళ్ళాల్సిందే.

అతను షాపు ముందు నుంచి నాలుగు సార్లు సైకిలు మీద వెళ్ళి, ఐదోసారి దిగుతాడు. 'సరిగ్గా లేదండి' అంటాడు. నా దృష్టిలో కథకి ఆయువుపట్టు ఈ రెండు మాటలే. పరీక్ష చేసే ఆయన కోప్పడడు, మళ్ళీ కూర్చోబెట్టి ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద అక్షరాలున్న చార్టు చూపిస్తాడు. ఎటు వైపు అక్షరాలు నల్లగా ఉన్నాయంటే ఈసారి కుర్రాడు తొందరపడకుండా చూసి, ఆకుపచ్చ అంటాడు. అంటే మైనస్ ఎక్కువైంది. రెండు వైపులా సమానమయ్యే దాకా తగ్గిస్తాడు. 'రెండూ ఒకేలా ఉన్నాయండి' అని చెప్పడానికి కుర్రాడు భయపడతాడు, ఆయనేమో 'నాకు కావాల్సిన జవాబు అదేనయ్యా' అంటాడు. ఆ మాట దగ్గర నేను కాసేపు చదవడం ఆపేశాను.

తర్వాత కటింగ్. అందం కోసం సెలూన్‌కి పంపకుండా రచయిత మంచి కారణం పెట్టాడు. నుదురు కనపడకుండా ముందు జుట్టు కళ్ళ దాకా దువ్వుకునే అలవాటు ఈ కుర్రాడిది. కొబ్బరినూనె రాసిన ఆ జుట్టు అద్దాలకి తగిలి గంటకోసారి జిడ్డు. చెవుల మీద జుట్టు వల్ల కళ్ళజోడు కాడ సరిగ్గా కూర్చోదు, కిందికి జారిపోతుంది. అందుకని వెళ్ళాడు. చిన్నప్పటి నుంచి వెళ్ళే సెలూనే, 'ఎప్పటిలాగేనా?' అంటే తల ఊపడం తప్ప ఇంకో మాట అనలేదు ఎప్పుడూ. ఈసారి 'ముందు పొట్టిగా, పక్కన మూడో నంబరు పెట్టండి' అన్నాడు. మూడో నంబరంటే ట్రిమ్మరు జుట్టుని సుమారు ఒక సెంటీమీటరు ఉంచుతుంది, మరీ గుండులా అవ్వదు.

సైటున్నవాళ్ళకి తెలుసు, కుర్చీలో కూర్చోగానే కళ్ళజోడు తీసెయ్యాలి. ఎదురుగా పెద్ద అద్దం ఉన్నా ఏమీ కనిపించదు. తెల్లటి గుడ్డ, పైన ముఖంలాంటి మరక, అంతే. ఇరవై నిమిషాలు కత్తెర చప్పుడు వింటూ కూర్చుని, చివర్లో కళ్ళజోడు పెట్టుకుంటాడు. గుర్తుందా, ఇంట్లో చిన్న అద్దం. కళ్ళజోళ్ళ షాపులోనూ చేత్తో పట్టుకునే అద్దమే ఇచ్చారు. కాబట్టి తన ముఖాన్ని రెండు మీటర్ల దూరం నుంచి, అంటే ఊళ్ళోవాళ్ళు చూసే దూరం నుంచి, స్పష్టంగా చూడడం అతనికి అదే మొదటిసారి. ముక్కు ముక్కులాగే ఉంది. కథలో ఆ వాక్యం ఇలాగే ఉంది, ఇంకో ముక్క చేర్చలేదు.

ఒక తప్పు మాత్రం చెప్పాలి. ఆ సీనులోనే 'అద్దాల వెనక కళ్ళు పెద్దవిగా మెరుస్తున్నాయి' అని రాశాడు. మైనస్ అద్దం కళ్ళని చిన్నవిగా చూపిస్తుందండీ, పెద్దవిగా చూపించేది ప్లస్ అద్దం. కానీ అతను చూసింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. సైటున్నవాళ్ళు దూరం చూడడానికి కళ్ళు చికిలిస్తారు, కనుబొమలు ముడేస్తారు. కళ్ళజోడు వచ్చాక ఆ అవసరం ఉండదు, కళ్ళు విప్పారతాయి, నుదుటి మీద ముడి పోతుంది. కాబట్టి 'పెద్దవిగా' తీసేసి 'విప్పారి' అని పెట్టమన్నాను, సరేనన్నాడు.

మర్నాడు షాపుకి వెళ్ళాక జరిగింది కూడా నాకు నచ్చింది. అందరూ తననే చూస్తారని రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే యజమాని 'యూరియా లోడు వచ్చింది, దించండి' అంటాడు. హమాలీ ఒకాయన ఒక్కడే 'కళ్ళజోడా?' అని అడిగి పనిలో పడిపోతాడు. అమెరికాలో 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో, సిగ్గుపడేలాంటి టీషర్టు తొడిగి విద్యార్థుల్ని ఒక్కొక్కరిగా గదిలోకి పంపారు. గదిలో సుమారు సగం మంది గమనిస్తారని వాళ్ళు అనుకుంటే, గమనించింది నాలుగో వంతు మందే. మనల్ని చూస్తున్నారని మనం అనుకున్నంతగా ఎవరూ చూడరు. కథలో ఈ కుర్రాడు మొదట చిన్నబుచ్చుకుంటాడు, తర్వాత కౌంటరు అవతల రైతుల ముఖాలు చూడడం మొదలుపెడతాడు. ఒకాయన గడ్డం కింద మచ్చ, ఇంకొకాయన పన్ను నొప్పితో దవడ పట్టుకోవడం, ఇన్నాళ్ళూ కనిపించనివి. 'పన్ను నొప్పా అండీ?' అని తనే అడుగుతాడు. అంతకుముందు తొమ్మిది పేజీల్లో అతను ఎవరినీ ఏదీ తనంతట తాను అడగలేదు.

సాయంత్రం బస్టాండులో ఒక పెద్దావిడ 'బాబూ, ఆ వచ్చేది భీమవరమా?' అంటుంది. గేటు దగ్గర మలుపు తిరుగుతున్న బస్సు బోర్డు చదివి 'కాదు మామ్మా, పాలకొల్లు. భీమవరం ఇంకా రాలేదు' అంటాడు. నాకైతే కథ అక్కడితో అయిపోయింది. కానీ తర్వాత ఇంకా ఒకటిన్నర పేజీ ఉంది, అందులో మేనమామ కూతురు వచ్చి కటింగ్ బాగుందని మెచ్చుకుంటుంది. ఎవరూ గమనించకపోయినా అతను మారాడని అంత చక్కగా రాసి, మళ్ళీ ఒక అమ్మాయి చేత మార్కులు వేయించడం దేనికి? తీసెయ్యమన్నాను. ఆ సీను కోసమే కథ మొదలుపెట్టానని అతనంటాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి ఒక పేజీ తీసేశాను, అర పేజీ ఉంచుతాను అన్నాడు. నేనైతే ఇంకా ఒప్పుకోలేదు.