చవితి సాయంత్రం లోపు

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ జైనుల్లో శ్వేతాంబర మూర్తిపూజకులు ఎనిమిది రోజులు జరుపుకునే ఉపవాసాల, క్షమాపణల పండుగ పర్యుషణంలో అయిదో రోజు. కల్పసూత్రమనే గ్రంథంలో మహావీరుడి జన్మఘట్టం పొద్దున చదివేశారు. జైన పాఠశాలలో సూత్రాలు నేర్పే మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ సికింద్రాబాద్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. మాది తెలుగు కుటుంబమే, పెళ్లయ్యాక మార్వాడీ ఇంటికొచ్చాను. రేపటి నుంచి అఠ్ఠమ్ ఉపవాసం చేస్తానని మా అత్తయ్యకు చెప్పాను. మూడు రోజులే కదా, 'అష్టమం' అని ఎనిమిది ఎందుకన్నారో ఇప్పటికీ అర్థం కాలేదు.

అతిథి: అది భోజనాల లెక్కమ్మా. పాతకాలంలో రోజుకు రెండు పూటల తిండి. మూడు ఉపవాసాలకు ఆరు పూటలు పోతాయి. ముందురోజు ఒక పూట, ఉపవాసం విడిచే పారణ రోజు ఒక పూట కూడా వదలాలి, దాంతో ఎనిమిది. ఇవాళ్టి నుంచే ఆ లెక్క మొదలైంది, రాత్రి తినకండి. మీది తివిహారమా, నీళ్లు కూడా ముట్టని చౌవిహారమా?

శ్రోత: నీళ్లు తాగుతానండి.

అతిథి: అయితే తివిహారం. కాచిన నీళ్లే తాగాలి, వ్రత సంకల్పమైన పచ్చక్ఖాణంలో చెప్పిన వేళ నుంచి సూర్యాస్తమయం దాకా. ఎంత తొందరగా మొదలుపెట్టినా సూర్యోదయమయ్యాక నలభై ఎనిమిది నిమిషాలు ఆగాలి. వానాకాలంలో కాచిన నీళ్లకు మూడు ఝాముల గడువు, అంటే సుమారు తొమ్మిది గంటలు. పొద్దున ఆరింటికి కాస్తే మూడింటికి గడువు తీరిపోతుంది. సాయంత్రానికి మళ్లీ కాచుకోవాలి.

శ్రోత: కాస్తే నీళ్లలోని జీవులు చచ్చిపోతాయిగా? అది అహింస ఎలా అవుతుందని మా తమ్ముడు ఆటపట్టిస్తున్నాడు.

అతిథి: మీ తమ్ముడు అడిగింది సరైన ప్రశ్నే. చచ్చిపోతాయి, కాదని ఎవరూ అనరు. పచ్చినీళ్లలో జీవులు పుడుతూ చస్తూనే ఉంటాయి. ఒకసారి కాస్తే గడువు దాకా ఆ పుట్టుక ఆగుతుంది, ఇదీ శాస్త్రం చెప్పే లెక్క. హింస తగ్గిందే తప్ప సున్నా కాలేదు. ఆ మిగిలినదానికే క్షమాపణ. తప్పులు ఒప్పుకునే ప్రతిక్రమణలో ఎనభై నాలుగు లక్షల జీవయోనులను పేరుపేరునా తలుచుకుంటారు. భూమి జీవులు ఏడు లక్షలు, నీటి జీవులు ఏడు లక్షలు, అగ్నివి ఏడు, వాయువువి ఏడు, అలా సాగుతుంది. మీరు పొద్దున కాచిన గిన్నె ఆ నీటి జీవుల లెక్కలోకే వస్తుంది. ఇరియావహీ సూత్రంలో ఇంకా దగ్గరి సంగతులు ఉన్నాయి. నడుస్తూ తొక్కిన గింజ, పచ్చిక, మంచుబిందువు, చీమల పుట్ట, నాచు, బురద, సాలెగూడు. చివరికి 'మిచ్ఛామి దుక్కడం', అంటే నేను చేసిన ఆ చెడ్డపని వ్యర్థమైపోవాలని. నాకైతే సాలెగూడు దగ్గర నాలుక ఆగుతుంది. పండక్కి ఇల్లు దులిపేది మనమేగా.

వ్యాఖ్యాత: పారణ సంగతి కూడా చెప్పండి.

అతిథి: నాలుగో రోజు ఒక్కసారిగా పూరీ, స్వీటు మీద పడకండి. పల్చటి పెసర కట్టు, కాసేపయ్యాక మెత్తటి అన్నం. ఈలోగా లేచి నిలబడితే కళ్లు తిరిగినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వచ్చినా పడుకుని ఇంట్లోవాళ్లను పిలవండి. మాట తడబడితే మాత్రం ఆసుపత్రికే.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ నిజామాబాద్ నుంచి.

శ్రోత: మాస్టారూ, మా నాన్నగారికి డెబ్బై ఒకటి. షుగర్‌కు ఇన్సులిన్ వేసుకుంటారు. ఈసారి అఠ్ఠాయి, ఎనిమిది రోజులూ చేస్తానని కూర్చున్నారు. ఇప్పటికి నాలుగు అయ్యాయి. ఇన్సులిన్ వేసుకుంటే వ్రతం పోతుందని మానేశారు.

అతిథి: ముందు డాక్టరుకు ఫోన్ చేయండి, ఇప్పుడే. తిండి లేకుండా పాత మోతాదే వేసినా ప్రమాదం, పూర్తిగా మానేసినా ప్రమాదం. మోతాదు సంగతి ఆయనే చెప్పాలి. ఇక వ్రతం మాట. నాన్నగారు పుచ్చుకున్న పచ్చక్ఖాణంలోనే మినహాయింపులు ఉన్నాయి, వాటిని ఆగారాలంటారు. మరచిపోయి తింటే ఒకటి, పొరపాటున నోట్లో పడితే ఒకటి. చివరిది 'సవ్వసమాహివత్తియాగారేణం'. రోగంతో మనసు స్థిమితం తప్పేటప్పుడు మందు పుచ్చుకోవచ్చని దాని అర్థం. ఆయన నోటితో ఒప్పుకున్న మాటే అది, మీరు కొత్తగా ఇచ్చే సడలింపు కాదు. గురువుగారి చేత చెప్పించండి, మీరు చెబితే వినరు.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే అండి. తాతల కాలం నుంచి మాది ఇక్కడ బట్టల కొట్టు. పోయిన దీపావళికి లెక్కలు చూసుకునేటప్పుడు అన్నయ్యతో మాటామాటా పెరిగింది. కొట్లు వేరుపడ్డాయి, మాటల్లేవు. నిరుడు లాగే ఈసారీ పర్యుషణం చివరి రోజైన సంవత్సరి నాడు అందరికీ 'మిచ్ఛామి దుక్కడం' మెసేజ్ పెడతాను. ఆ గ్రూపులో ఆయనా ఉన్నాడు. సరిపోతుందా?

అతిథి: మీకే తెలుసు సరిపోదని, అందుకే ఫోన్ చేశారు. కోపానికి మనవాళ్లు నాలుగు గడువులు పెట్టారు. నీటిమీద గీతలాంటిది పదిహేను రోజుల్లో పోతుంది, ఇసుక మీద గీత నాలుగు నెలలు, నేల బీట ఏడాది, రాతి పగులు జీవితాంతం. పక్షానికి, నాలుగు నెలలకు, ఏడాదికి వేరువేరుగా ప్రతిక్రమణలు పెట్టింది ఈ గడువులకే. దీపావళి నుంచి మీకు పది నెలలైంది. ఇసుక దాటి నేల బీటలో ఉన్నారు. ఈ సంవత్సరి దాటనిస్తే మళ్లీ సంవత్సరి వచ్చేసరికి రాయే.

శ్రోత: తప్పు ఆయనదండీ. పెద్దవాడు ఆయనే రావాలి కదా?

అతిథి: చిన్నవాడు పెద్దవాణ్ణీ, పెద్దవాడు చిన్నవాణ్ణీ, ఇద్దరూ అడగాలనే కల్పసూత్రం చెబుతుంది. ఎవరు శాంతిస్తారో వారికే ఆరాధన ఉంది, శాంతించనివారికి లేదని తేల్చేసింది. ఆయన ఒప్పుకోకపోయినా మీది మీకు జరిగిపోతుంది. ఉదయన మహారాజు కథ వినే ఉంటారు. ఉజ్జయిని ప్రద్యోతుణ్ణి ఓడించి, నొసట 'దాసీపతి' అని ముద్ర వేయించి, బంధించి తీసుకెళ్తున్నాడు. దారిలో సంవత్సరి వచ్చింది. రాజు ఉపవాసం కాబట్టి మీకేం వండమంటారని వంటవాడు ఖైదీని అడిగాడు. ఎప్పుడూ లేనిది ఇవాళ అడుగుతున్నాడేమిటి, విషం పెడతారేమోనని ప్రద్యోతుడు భయపడి, నాకూ ఉపవాసమే అన్నాడు. అది అబద్ధమని రాజుకు తెలుసు. అయినా పక్కన సంకెళ్లలో ఒకణ్ణి పెట్టుకుని నేనేమని క్షమాపణ చెప్పుకోను అని వదిలేశాడు. ఆ ముద్ర కనపడకుండా నొసటికి బంగారు పట్టీ కట్టించాడు. నాకు ఆ పట్టీ ముఖ్యం. మనం వేసిన మచ్చను మనమే కప్పాలి.

శ్రోత: బాకీ మాటేమిటండి? ఆయన నాకు ఇవ్వాలి.

అతిథి: అది వదులుకోమని నేననను, లెక్క వేరు. ఆ రోజు మాత్రం దాన్ని ఎత్తకండి. మీరు నలుగురి ముందు ఏమన్నారు?

శ్రోత: ...దొంగ అన్నానండి.

అతిథి: అదే చెప్పండి. 'నలుగురిలో మిమ్మల్ని దొంగ అన్నాను, మిచ్ఛామి దుక్కడం.' 'నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే' అనొద్దు, జరిగింది. ఆ నలుగురికీ తెలిసేలా చెప్పాలి. సంవత్సరి మనకు చవితి నాడు. అసలు పంచమి. పైఠాన్‌లో శాతవాహన రాజుకు ఆ రోజు ఇంద్రోత్సవం అడ్డొస్తే కాలకాచార్యులు ఒక రోజు ముందుకు జరిపారని మన సంప్రదాయం. శ్వేతాంబరుల్లోనే విగ్రహపూజ చేయని స్థానకవాసులకు, తేరాపంథీలకు ఇప్పటికీ పంచమే. మనకు చవితి సాయంత్రం ప్రతిక్రమణ మొదలయ్యాక ఎవరూ లేచి రారు. ఆ లోపు వెళ్లాలి.

శ్రోత: ఆ రోజు వినాయక చవితి, ఊరంతా హడావుడి. కొట్టు సగం పూటే. మధ్యాహ్నం వెళ్తానండి.

అతిథి: పొద్దున్నే వెళ్లండి. మీ ఇద్దరికీ ఉపవాసమేగా, వంటల మొహమాటం ఉండదు.