ఫ్యామిలీ పెన్షన్ ఆగితే అంబుడ్స్‌మన్ దాకా ఎలా వెళ్లాలి: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. కావలి నుంచి ఒకమ్మ తరఫున ఆమె కొడుకు ఫోన్ చేశారు. తండ్రి కేంద్ర ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరై, డిసెంబరు నెలాఖరులో చనిపోయారు. పెన్షన్ బ్యాంకు ద్వారా వచ్చేది. తల్లి కాగితాలన్నీ బ్రాంచిలో ఇచ్చినా ఫ్యామిలీ పెన్షన్ మొదలవలేదు. ఎప్పుడు వెళ్లినా "పైకి పంపాం" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?

రిటైర్డ్ బ్యాంకు అధికారి: ముందు పెన్షన్ మంజూరు ఉత్తర్వు, అంటే పీపీఓ, తీసి చూడమనండి. భార్య పేరు, ఫ్యామిలీ పెన్షన్ మొత్తం అందులోనే ఉంటే కొత్త మంజూరు అక్కర్లేదు, బ్యాంకే మొదలుపెట్టాలి. పేరు లేకపోతే, లేదా వేరేగా ఉంటే, ఆయన పనిచేసిన ఆఫీసు సరిచేయించాలి. అప్పుడు బ్యాంకు మీద ఫిర్యాదు చేసి లాభం లేదు.

యాంకర్: పేరు ఉందండి.

రిటైర్డ్ బ్యాంకు అధికారి: అయితే ఆ కాగితాలు ఎక్కడున్నాయో తేల్చుకోవాలి. పెన్షన్ లెక్క వేసేది బ్రాంచి కాదు, ఆ బ్యాంకు పెన్షన్లన్నీ ఒకేచోట చూసే సీపీపీసీ అనే కేంద్రం. ఏ తేదీన పంపారో, ఏ నంబరుతో పంపారో బ్రాంచిని అడగండి. చెప్పలేకపోతే కాగితాలు అక్కడే టేబుల్ మీద ఉన్నాయనుకోవచ్చు. ఆధార్‌లో ఒక పేరు, పీపీఓలో ఇంకో పేరు ఉండి సీపీపీసీ వెనక్కి పంపిన కేసులూ ఉంటాయి. ఆ సంగతి చాలాసార్లు ఇంటివాళ్లకు చెప్పరు.

పెన్షనర్ల సంఘం ప్రతినిధి: మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఒక్క రసీదు కూడా ఉండదు. నోటితో అడిగిన దానికి లెక్క లేదు. తెల్లకాగితం మీద పీపీఓ నంబరు, ఖాతా నంబరు, భర్త చనిపోయిన తేదీ, జత చేసిన కాగితాల వివరం రాసి రెండు ప్రతులు తీసుకెళ్లాలి. మరణ ధృవీకరణ పత్రం, పీపీఓ నకలు, ఆమె వయసు రుజువు, ఎక్కువ జమైతే తిరిగి ఇస్తానన్న హామీపత్రం జతపరచాలి. రెండో ప్రతి మీద సీలు, తేదీ వేయించుకోవాలి. సీలు వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి, లేదా బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టి నంబరు దాచుకోండి. ఆ రోజు నుంచి 30 రోజులు లెక్క.

యాంకర్: 30 రోజుల్లో జవాబు రాకపోతే?

రిటైర్డ్ బ్యాంకు అధికారి: జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. cms.rbi.org.in లో పెట్టాలి, ఫీజు లేదు. సందేహముంటే 14448 కి ఫోన్ చేయండి. సీలు ఉన్న ప్రతి, బ్యాంకు జవాబు, పాస్‌బుక్ పేజీ జతచేయాలి. బ్యాంకుకు ముందుగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకుండా వస్తే పక్కన పెట్టేస్తారు. అందుకే ఆ సీలుకు అంత విలువ. కొడుకు ఆమె ప్రతినిధిగా పెట్టొచ్చు, వకీలును మాత్రం పెట్టుకోకూడదు. గడువు పరిమితి కూడా ఉంది కాబట్టి నెలల తరబడి ఆగకండి.

పెన్షనర్ల సంఘం ప్రతినిధి: ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. కేంద్ర పెన్షనర్లకు pgportal.gov.in/pension లో సీపెన్‌గ్రామ్స్ అనే పెన్షన్ ఫిర్యాదుల పోర్టల్ ఇంకో దారిగా ఉంది, 1800-11-1960 నంబరు కూడా ఉంది. శాఖ వైపు తప్పుంటే అదే సరైన చోటు. కానీ ఒకే విషయం మీద రెండు చోట్లా ఒకేసారి పెట్టకండి. వేరేచోట పెండింగులో ఉందని అంబుడ్స్‌మన్ తిరస్కరించవచ్చు. ఈ కేసులో లోపం బ్యాంకుది, కాబట్టి ఆ 30 రోజులయ్యాక అంబుడ్స్‌మన్‌కే వెళ్లమంటాను.

యాంకర్: ఫిర్యాదులో ఏం కోరాలి?

రిటైర్డ్ బ్యాంకు అధికారి: బకాయితో పాటు వడ్డీ. పెన్షన్ ఆలస్యంగా వేస్తే, గడువు తేదీ తర్వాతి కాలానికి ఏడాదికి 8 శాతం చొప్పున బ్యాంకు తనంతట తానే కట్టాలని ఆర్‌బీఐ ఆదేశం. ఆమెకు కరువు భత్యంతో కలిపి నెలకు 15,000 అనుకుందాం. దాని మీద నెల ఆలస్యానికి 100 రూపాయలు పడుతుంది. జనవరి నుంచి మే దాకా రావాల్సినవి జూన్ నెలాఖరులో వేస్తే, జనవరిది అయిదు నెలలు, ఫిబ్రవరిది నాలుగు, అలా మేది ఒక నెల ఆలస్యం. మొత్తం పదిహేను నెలల లెక్క, అంటే 1,500. ఆ లెక్కల పట్టీ ఫిర్యాదుకు జతచేస్తే వాదన పెరగదు.

పెన్షనర్ల సంఘం ప్రతినిధి: ఇదంతా బ్యాంకు ద్వారా వచ్చే కేంద్ర పెన్షన్ సంగతి. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఆగేది ట్రెజరీలోనో, అకౌంటెంట్ జనరల్ ఆఫీసులోనో అయితే అంబుడ్స్‌మన్‌కు సంబంధం లేదు. వాళ్లు నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి, ఆ అర్జీ నంబరు తీసుకోవాలి.

యాంకర్: డబ్బు పడ్డాక?

రిటైర్డ్ బ్యాంకు అధికారి: పాస్‌బుక్‌లో బకాయి, వడ్డీ రెండూ పడ్డాయేమో చూడండి. బకాయి ఒక్కటే వేసి, సమస్య పరిష్కారమైందని రాసివ్వమంటారు. వడ్డీ జమయ్యేదాకా సంతకం పెట్టొద్దు.