మాత్ర మింగితే సరిపోదు, ఒంటికి పట్టాలి

శ్రోతలందరికీ నమస్కారం.

గర్భంతో ఉన్నప్పుడు రక్తం తగ్గడం గురించి ఈ రోజు మాట్లాడతాను. ఒక ప్రశ్న నేను దాదాపు రోజూ వింటాను. "మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను మేడమ్, అయినా రక్తం పెరగలేదు. ఇంజెక్షన్ చేయించుకోమంటారా?" ఈ ప్రశ్నకు వెంటనే అవుననో కాదనో చెప్పలేం. ఎందుకు చెప్పలేమో వివరించడానికి ఒక అమ్మాయి సంగతి చెబుతాను.

ఆమెకు అది రెండో కాన్పు. నా దగ్గరికి వచ్చేసరికి 28 వారాలు నిండాయి. చేతిలో రెండు రిపోర్టులున్నాయి. నాలుగు వారాల కిందట చేయించిన దాంట్లో హిమోగ్లోబిన్ 9.4, కొత్త దాంట్లో 8.4. "నెల రోజులు మాత్రలు మింగితే ఒక గ్రాము తగ్గింది. లోపల బిడ్డకేమైనా అవుతుందా మేడమ్?" అని అడుగుతుంటే ఆమె గొంతు పూడుకుపోయింది.

నేను ముందుగా ఆ అంకెల్ని చూడలేదు, వాటిని ఎలా తీశారో చూశాను. మొదటిది వేలికి సూది గుచ్చి, చిన్న మిషన్‌లో పెట్టి చూసింది. రెండోది చేతి నరం నుంచి రక్తం తీసి, ల్యాబ్‌లోని పెద్ద మిషన్‌లో చేసింది. ఈ రెండు పద్ధతుల్లో ఒకే రోజు చూసినా అంకెలు కలవకపోవచ్చు, అర గ్రామో అంతకంటే ఎక్కువో తేడా రావచ్చు.

వేలి పరీక్షలో తప్పు ఎక్కడ దొర్లుతుందో చెబుతాను. చెయ్యి చల్లగా ఉంటే రక్తం సరిగా రాదు. అప్పుడు వేలిని గట్టిగా పిండుతారు. పిండితే రక్తంతో పాటు చర్మం కింది నీరు కూడా కలిసి వస్తుంది, అంకె తగ్గిపోతుంది. చెయ్యి వెచ్చబరిచి, కాస్త లోతుగా గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాత తనంతట తాను ఉబికి వచ్చే చుక్కనే తీసుకోవాలి. పాతకాలపు సాహ్లి గొట్టంలోనైతే రక్తాన్ని ఆమ్లంలో కలిపి, నీళ్లు పోస్తూ, పక్కనున్న గాజు రంగుతో కంటితో పోల్చి చూస్తారు. చూసే మనిషి మారితే అంకె కూడా మారుతుంది. అందుకే మందు పని చేస్తోందో లేదో తేల్చుకోవాలంటే మొదటి పరీక్ష ఏ పద్ధతిలో చేశారో రెండోదీ అదే పద్ధతిలో చేయించాలి. వీలైతే రెండుసార్లూ నరం నుంచి తీసిన రక్తంతోనే చేయించుకోండి. కంటి రెప్ప లాగి చూసి "రక్తం బాగానే ఉంది" అనడం మాత్రం పరీక్ష కాదు. బాగా తగ్గితే తప్ప రెప్పలో ఆ పాలిపోవడం కనబడదు.

ఇంకో సంగతి ఉంది. గర్భంలో రక్తం కొంత పలచబడుతుంది. రక్తంలోని నీటి భాగం దాదాపు సగం పెరిగితే, ఎర్రకణాలు అంతగా పెరగవు. అందువల్ల మధ్య మూడు నెలల్లో అంకె కాస్త దిగడం సహజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మొదటి, చివరి మూడు నెలల్లో 11 కన్నా తక్కువైతే రక్తహీనత అంటుంది కానీ, మధ్య మూడు నెలలకు ఆ గీతను 10.5 దగ్గర పెట్టింది. అయితే 8.4ను పలచబడడం ఖాతాలో వేసుకోలేం. ఈమెకు రక్తం నిజంగానే తక్కువగా ఉంది. కాకపోతే మాత్రలు వేసుకున్నాక తగ్గిందని చెప్పడానికి ఆ రెండు కాగితాలు చాలవు.

హిమోగ్లోబిన్ ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. అందుకని ఆమె రిపోర్టులోనే ఇంకో వరుస చూశాను. ఎర్రకణం సైజు, ఎంసీవీ అంటారు, 70 ఉంది. మామూలుగా 80కి పైన ఉండాలి. కణాలు చిన్నబోయాయంటే ముందుగా ఐరన్ లోపాన్నే అనుమానిస్తాం. తలసీమియా వారసత్వంగా ఉన్నవాళ్లలోనూ కణాలు చిన్నగానే ఉంటాయి, వాళ్లలో కొందరికి ఐరన్ లోపమే ఉండదు. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఫెరిటిన్ పరీక్ష చేయించాం. ఒంట్లో ఐరన్‌ను దాచుకునే గాదె అనుకుంటే, అందులో ఇంకా ఎన్ని గింజలున్నాయో ఫెరిటిన్ చెబుతుంది. 30 కన్నా తక్కువైతే నిల్వలు అడుగంటినట్టే లెక్క. ఆమెకు 8 వచ్చింది. గాదె ఖాళీ. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తుత్తిగా పెరిగి కనబడుతుంది. కాబట్టి ఒంట్లో బాగాలేని రోజున వచ్చిన మంచి ఫెరిటిన్‌ను నమ్మలేం.

జబ్బు ఐరన్ లోపమేనని తేలింది. మరి మాత్రలు వేసుకుంటున్నా గాదె ఎందుకు నిండలేదు?

"ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "రాత్రి అన్నం తిన్నాక, పాలతో మేడమ్. మర్చిపోకుండా ఉంటుందని కాల్షియం మాత్ర కూడా దానితోనే వేసేసుకుంటాను" అంది. శ్రద్ధగానే వేసుకుంటోంది, పాపం. కానీ కాల్షియం, పాలు, టీ, కాఫీ, గ్యాస్ మాత్రలు, ఇవన్నీ ఐరన్‌ను పేగులోంచి రక్తంలోకి వెళ్లనివ్వవు. నిండు కడుపు కూడా అడ్డమే. అసలు మాత్రలో ఉండే ఐరన్‌లో ఒంటికి పట్టేది కొంతే. ఆ కొంతకూ ఇన్ని అడ్డాలు పెడితే మిగిలేదేముంది?

మాత్రను భోజనానికి గంట ముందు గానీ, తిన్న రెండు గంటల తర్వాత గానీ, మంచినీళ్లతో వేసుకోమన్నాను. కాల్షియంను రోజులో ఇంకో పూటకు మార్చాం. ఆమె మాత్ర మీద ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు అని రాసి ఉంటుంది, అందులో అసలు ఐరన్ 65 మిల్లీగ్రాములే. మాత్ర మారినప్పుడు ఈ రెండో అంకెనే పోల్చుకోవాలి. "అయితే రెండేసి వేసుకోనా, త్వరగా పెరుగుతుందేమో?" అని అడిగింది. అలా పెరగదు. ఐరన్ ఒక మోతాదు లోపలికి వెళ్లగానే కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది దాదాపు ఒక రోజు పాటు పేగు దగ్గర తలుపు ఓరగా వేసి ఉంచుతుంది. అప్పుడు వేసిన రెండో మాత్రలో చాలా భాగం పేగులోనే ఉండిపోయి వికారం, మలబద్ధకం తెస్తుంది. అందుకే ఒక్క మాత్రే పడని కొందరికి రోజు విడిచి రోజు ఇచ్చి చూస్తాం.

మాత్ర సరిగ్గా పడితే రెండు మూడు వారాల్లో హిమోగ్లోబిన్ పెరగడం మొదలవుతుంది, నాలుగు వారాలకు ఒక గ్రాముకు అటూ ఇటూగా పెరగాలి. చాలామందికి ఈ వేళల మార్పే సరిపోతుంది. ఆమెను మూడు వారాల తర్వాత, అదే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుని రమ్మన్నాను.

వచ్చింది. 8.5. మిగిలిన మాత్రలు కూడా తెమ్మని చెప్పాను కాబట్టి బ్యాగులోంచి స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టింది. పదేసి మాత్రలవి. ఒకటి ఖాళీ. రెండో దాంట్లో ఏడు అలాగే ఉన్నాయి. అంటే 21 రోజుల్లో 13 మాత్రలు. నేను ఏమీ అనలేదు. తనే చెప్పింది. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పేసి, సగం రోజులు వాంతి అయిందట. దానికి తోడు విరేచనం నల్లగా వచ్చేసరికి వాళ్లమ్మ భయపడి "లోపల రక్తం పోతోందేమో, ఆపేయ్" అందట. ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉండాల్సింది, నేను చెప్పలేదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా రావడం మామూలే. పేగుకు పట్టని ఐరన్ ఆ రంగులో బయటికి పోతుంది. తారులా జిగటగా, విపరీతమైన దుర్వాసనతో వస్తే మాత్రం చూపించుకోవాలి.

అప్పటికి 31 వారాలు. కాన్పుకు మిగిలినవి ఎనిమిది, తొమ్మిది వారాలు. ఇదే 16 వారాల్లో జరిగి ఉంటే మాత్ర రకం మార్చి, రోజు విడిచి రోజు ఇచ్చి ఇంకో నెల చూసేదాన్ని. ఇప్పుడంత సమయం లేదు, మాత్ర ఆమె కడుపుకు పడటం లేదు. అందుకని ఇంజెక్షన్ వైపు వెళ్లాం. మొదటి మూడు నెలల్లో మాత్రం ఈ ఇంజెక్షన్ ఇవ్వం.

ఎంత ఇవ్వాలో లెక్క కడతాం. గర్భానికి ముందు ఆమె బరువు 50 కిలోలు. రావాల్సిన హిమోగ్లోబిన్ 11, ఉన్నది 8.5, తేడా 2.5. బరువును ఈ తేడాతో, తర్వాత 2.4తో గుణిస్తే 300 వచ్చింది. గాదె నింపడానికి ఇంకో 500 కలిపితే మొత్తం 800 మిల్లీగ్రాములు. ఆమెకు ఐరన్ సుక్రోజ్ ఇచ్చాం. ఒకసారికి 200 చొప్పున, సెలైన్‌లో కలిపి, రోజు విడిచి రోజు నాలుగుసార్లు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇంకో మందైతే అంతా ఒక్కసారే ఎక్కించవచ్చు, మాటిమాటికీ రాలేనివాళ్లకు అది నయం.

ఐరన్ కలిపిన సెలైన్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. సూది నరంలోంచి జారితే ఆ రంగు చర్మం కింద నెలల తరబడి మచ్చగా మిగిలిపోతుంది. కాబట్టి చెయ్యి మండినా, ఉబ్బినా వెంటనే నర్సుకు చెప్పాలి. కొందరికి ముఖం వేడెక్కి, ఛాతీ బిగబట్టినట్టు ఉంటుంది. సెలైన్ ఆపితే చాలావరకు కాసేపట్లో తగ్గిపోతుంది. ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం లాంటి తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు, కానీ వస్తే నిమిషాల్లో చూడాలి. ముందు కొంచెం ఇచ్చి చూశాం కదా అని ధీమా పడడానికి వీల్లేదు. అందుకే ప్రతిసారీ బిడ్డ గుండె చప్పుడు చూసి, ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోబెడతాం. ఈ ఇంజెక్షన్‌ను ఇంట్లో ఎక్కించుకోకూడదు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్న రోజు వాయిదా వేయాలి.

నాలుగోది అయ్యాక ఆమె మర్నాడే పరీక్షకు వెళ్తానంది. వద్దన్నాను. ఇంజెక్షన్ అంటే రక్తం ఎక్కించడం కాదు. అది ముడిసరుకు మాత్రమే, కణాలు తయారయ్యేది ఎముక మజ్జలో. దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. హిమోగ్లోబిన్ 7 కన్నా దిగువన ఉండి కాన్పు దగ్గర పడినవాళ్లకు ఆ వ్యవధి ఉండదు. వాళ్లు ఆస్పత్రిలో చేరాలి, రక్తమే ఎక్కించాల్సి రావచ్చు.

36 వారాలకు, అదే ల్యాబ్‌లో, ఆమెకు 10.6 వచ్చింది. కాన్పులో కొంత రక్తం ఎలాగూ పోతుంది, ఆ లోటు పూడ్చాలి కాబట్టి కాన్పు తర్వాత మూడు నెలలు మాత్రలు రాశాను, రోజు విడిచి రోజు. ఈసారి చీటీ ఇచ్చేటప్పుడు వాళ్లమ్మను కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నలుపు సంగతి ఆవిడకే చెప్పాను.

ఉంటాను, నమస్కారం.